కాలవ వైపు, కొబ్బరితోట వైపు: ఈవేళ కామెంటరీలో వినబోయే మాటలు

శ్రోతలందరికీ నమస్కారమండి. అమలాపురం దగ్గర మైదానం నుంచి మాట్లాడుతున్నాం. రాజోలు జట్టుకీ పాలకొల్లు జట్టుకీ పండగ ఫైనల్, ఇరవై ఓవర్ల ఆట. టాస్‌కి ఇంకా కాస్త టైముంది. నిన్న సెమీఫైనల్ అవుతుండగా రొయ్యల చెరువు గట్టు మీంచి ఒకాయన ఫోన్ చేశారు. "సిల్లీ పాయింటు, సిల్లీ పాయింటు అంటున్నారు, అది కాలవ వైపా, కొబ్బరితోట వైపా, ఆయ్?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నండి. టీవీ చూసేవాళ్ళకి ఫీల్డరు కనిపిస్తాడు. ఏరేటర్ల మోతలో చెవి ఒగ్గి వినేవాళ్ళకి మేం చెప్పిందే మైదానం.

అంచేత ముందు దిక్కులు చెప్పేస్తాం. బౌలరు రోడ్డు వైపు నుంచి పరిగెత్తుకొస్తే, కుడిచేతివాటం బ్యాట్స్‌మన్‌కి ఆఫ్ సైడంటే కాలవ వైపు, లెగ్ సైడంటే కొబ్బరితోట వైపు. ఓవరు మారి బౌలరు అటు చివర నుంచి వస్తే రెండూ తారుమారు. ఎడంచేతివాటం వాడు క్రీజులోకొస్తే మళ్ళీ తారుమారు. ఇదంతా మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బంతి ఎటుపోయినా మేం కాలవ, తోట అనే చెబుతాం.

ఇక సిల్లీ పాయింటు. సిల్లీ అన్నారు గదా అని 'తెలివితక్కువ చోటు' అంటే అక్కడ నిలబడ్డ కుర్రాడు మా మీదికొస్తాడు. బ్యాటుకి ఎదురుగా, ఆఫ్ వైపు, చెయ్యి చాపితే బ్యాటు తగిలేటంత దగ్గర్లో వంగుని ఉంటాడు వాడు. మేం 'ఆఫ్ ముంగిట ఫీల్డరు' అంటాం. లెగ్ వైపు అంత దగ్గరగా ఉంటే 'లెగ్ ముంగిట'. ఆ లెగ్ ముంగిట నిలబడే ఏక్‌నాథ్ సోల్కర్ 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టాడండి. అదీ హెల్మెట్లు లేని రోజుల్లో. కాబట్టి ముంగిట్లోకి ఎవరైనా వచ్చారని మేం చెబితే స్పిన్నరు బంతి అందుకున్నాడని, వికెట్ కోసం చూస్తున్నారని మీరే అనుకోవచ్చు.

మెయిడెన్ ఓవరుకి నిఘంటువు చూస్తే 'కన్య' అని ఉంటుంది. 'కన్య ఓవరు ముగిసింది' అని రేడియోలో చెబితే మా ఇంట్లోవాళ్ళే కట్టేస్తారు. మాకు అది 'ఖాళీ ఓవరు'. బౌలరు ఆరు బంతులేసి ఒక్క పరుగూ ఇవ్వకపోతే ఖాళీ. ఇందులో చిన్న మెలిక ఉంది. బైలు, లెగ్ బైలు బౌలరు ఖాతాలో పడవు. అవి వచ్చి స్కోరు కదిలినా ఓవరు ఖాళీయే. వైడో నోబాలో పడిందంటే మాత్రం పోయినట్టే. 1964 జనవరిలో మద్రాసులో ఇంగ్లండ్ మీద బాపూ నాడకర్ణి వరసపెట్టి 21 ఖాళీ ఓవర్లు వేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో ఆయన లెక్క 32 ఓవర్లు, 27 ఖాళీ, 5 పరుగులు. వికెట్ మాత్రం ఒక్కటీ లేదు పాపం. ఈవేళ ఒక్క ఖాళీ ఓవరు పడినా గొప్పేనండి, ఇక్కడ బౌండరీలు మరీ దగ్గర.

గూగ్లీని గూగ్లీ అనే అంటాం. వందేళ్ళ పైచిలుకు కిందట బోసంక్వెట్ అనే ఇంగ్లీషాయన పుట్టించిన బంతి అది, ఇప్పుడు సందుల్లో టెన్నిస్ బంతితో ఆడే పిల్లలూ అదే పేరు అంటున్నారు. మరో పేరు పెట్టి ఎవర్ని ఉద్ధరించాలి? కాకపోతే అది ఏం చేసిందో చెప్పాలి. లెగ్ స్పిన్నరు మామూలు బంతి కుడిచేతివాటం వాడికి దూరంగా తిరుగుతుంది. గూగ్లీకీ చెయ్యి అలాగే తిప్పుతాడు గానీ మణికట్టు ఇంకాస్త లోపలికి మడిచి, చేతి వెనకవైపు నుంచి బంతి వదులుతాడు. అది నేలమీద పడి లోపలికొస్తుంది. మా నోట ఇలా వస్తుంది: "బయటికి పోతుందనుకుని బ్యాటు చాపాడు, లోపలికి దూసుకొచ్చింది, గూగ్లీ! ప్యాడుకి తగిలింది, గట్టిగా అప్పీలు!" రాజోలు లెగ్ స్పిన్నరు కుర్రాడు నిన్న రెండు వికెట్లు దాంతోనే తీశాడు. పాలకొల్లు వాళ్ళ ఓపెనరు ఎడంచేతివాటం, అతనికి అదే గూగ్లీ బయటికి పోతుంది, స్లిప్పులో ఉన్నవాడు మెలకువగా ఉండాలి.

మిగతావి మీకు తెలిసినవే. యార్కరంటే కాళ్ళ దగ్గర పడే బంతి, డకౌటయితే సున్నా చుట్టాడంటాం. నైట్ వాచ్‌మన్ సంగతి ఈవేళ మనకి అక్కర్లేదు, ఆట చీకటిపడేలోగా అయిపోతుంది.

ఇదిగో, అంపైర్లు కెప్టెన్లిద్దర్నీ తీసుకుని మధ్యకి వెళ్తున్నారు. నాణెం ఎగరేశారు... రాజోలు గెలిచింది. ఫీల్డింగ్ ఎంచుకున్నారండి, పాలకొల్లు బ్యాటింగు. మొదటి ఓవరు రోడ్డు వైపు నుంచి.