నీ ప్రొఫైల్ చదివాను, కింద నుంచి పైకి

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన పెళ్లి ప్రొఫైల్ నిన్న రాత్రి చదివాను. "ఎలా ఉందో ఒక్క ముక్కలో చెప్పక్కా" అన్నావు. ఒక్క ముక్కలో చెప్తే బాధపడతావని ఇంత రాస్తున్నాను. ఇది పిన్నికి చూపించకు. ఆవిడ రాయించిన వాక్యాలేవో, బాబాయి చొప్పించినవేవో నాకు తెలిసిపోయాయి.

ఇలాంటివి అవతలి ఇంట్లో ఎలా చదువుతారో ముందు చెప్తాను. పోయినేడు మా ఆడపడుచుకి సంబంధాలు చూసినప్పుడు రోజూ భోజనాలయ్యాక హాల్లో కూర్చుని అందరం ఇదే పని. మా అత్తగారు గోత్రం, నక్షత్రం చూసి "ఊఁ, తర్వాత" అనేవారు. మామగారు ఉద్యోగం, ఊరు, తోబుట్టువులు చూసేవారు. మా ఆడపడుచు మాత్రం ఫోన్ లాక్కుని తిన్నగా అడుక్కి వెళ్లేది, "కాబోయే అమ్మాయి ఎలా ఉండాలి" అన్న చోటికి. అక్కడ మాట నచ్చలేదంటే పైన ఎన్ని లక్షల ప్యాకేజీ ఉన్నా ఇక ఎవరూ చూసేవాళ్లు కాదు. అందుకే నేనూ అడుగు నుంచే మొదలుపెడుతున్నాను.

నువ్వు రాసింది ఇదీ:

"అమ్మాయి 23 నుంచి 26 లోపు, కనీసం 5.5 ఎత్తు, తెల్లగా, స్లిమ్‌గా ఉండాలి. బీటెక్ చేసి మంచి ఉద్యోగంలో ఉండాలి. పెళ్లయ్యాక అవసరమైతే మానేయడానికి సిద్ధపడాలి. మోడరన్‌గా ఉంటూనే సంప్రదాయం తెలిసి ఉండాలి. మా అమ్మానాన్నలను కన్నవాళ్లలా చూసుకోవాలి. గతం లేని అమ్మాయి కావాలి. ఒక్కతే కూతురైతే ప్రాధాన్యం. టైంపాస్‌గాళ్లు దయచేసి కాల్ చేయొద్దు."

ఉద్యోగం దగ్గర ఆగుదాం. నాలుగేళ్లు చదివి, ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల "అవసరమైతే మానేయాలి" అన్న మాట చదివి ఏమనుకుంటుంది? ఎవరి అవసరం? ఎప్పుడు? నాకు తెలిసి నీ మనసులో ఉన్నది ఆన్‌సైట్ సంగతి. అయితే అదే రాయి. రెండేళ్లలో అమెరికా వెళ్లే వీలుందని రాస్తే, తన ఉద్యోగం ఏమవుతుందో ఆ అమ్మాయే ఆలోచించుకుంటుంది. హెచ్-4 వీసా మీద వెళ్తే దిగగానే ఉద్యోగం చేయడానికి ఉండదనీ, మామూలుగా భర్తకి గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదమయ్యాకే పని పర్మిట్‌కి పెట్టుకోవచ్చనీ మన ఊళ్లలో ఇంటర్ పిల్లలకి కూడా తెలుసు. నువ్వు దాచినంత మాత్రాన వాళ్లు అడగకుండా ఉండరు.

"తెల్లగా" తీసేయ్. కారణం నేను చెప్పను, పిన్ని రంగేమిటో ఒకసారి చూసి తీసేయ్. ఎత్తు కూడా. నీది 5.9 అని రాశావు. నా పెళ్లి ఆల్బమ్‌లో మీ బావ పక్కన నిలబడ్డావు కదా, ఆయన 5.8. ఎవరి తల పైన ఉందో చూసుకో. పెళ్లిచూపుల్లో అవతలివాళ్ల అబ్బాయి పక్కన నిలబెడితే ఆ రెండంగుళాలు అక్కడే రాలిపోతాయి, దాంతో పాటు జీతం గురించి రాసింది కూడా అబద్ధమేమో అనిపిస్తుంది. వయసూ అంతే. కింద పుట్టిన సంవత్సరం 1993, పైన వయసు 29. పాత బయోడేటా మీదే దిద్దుకుంటూ వచ్చావని అర్థమైంది నాకు. అవతలివాళ్లకి మాత్రం దొంగలెక్కలా కనిపిస్తుంది.

"ఒక్కతే కూతురైతే ప్రాధాన్యం" అన్నది బాబాయిది. పందెం కాస్తాను. మా మామగారికి ఇలాంటి వాక్యం కనిపిస్తే చాలు, "ఆస్తి మొత్తం ఇటే వస్తుందని లెక్కేశారమ్మా" అని ఫోన్ పక్కన పెట్టేసేవారు. అయినా ఒక మాట అడుగుతాను. ఒక్కతే కూతురైతే ఆ తల్లిదండ్రులు ముసలివాళ్లయ్యాక ఎక్కడుంటారు? నీ నిజాంపేట ఫ్లాట్‌లో రెండో బెడ్‌రూమ్ వాళ్లదే కదా. దానికి సరేనంటే "ఇద్దరి తల్లిదండ్రులూ మాకు ఒకటే" అని రాయి. "మా అమ్మానాన్నలను కన్నవాళ్లలా" అని ఒక వైపే అడగడం కంటే అది వందరెట్లు బాగుంటుంది, పిన్నికీ కోపం రాదు.

"గతం లేని అమ్మాయి" గురించి. నీకు 2022లో నిశ్చితార్థమై ఆగిపోయింది. ఆ సంగతి అదే పేజీలో నువ్వే రాశావు. పది వరుసల తేడాలో ఆ రెండూ చదివితే నీ మీద నాకే చిరాకేసింది, ఇక బయటివాళ్ల సంగతి చెప్పాలా? "టైంపాస్‌గాళ్లు" కూడా అంతే, గుమ్మంలో కుక్కని కట్టేసి లోపలికి రమ్మన్నట్టుంది.

ఇక కట్నం. "కట్నకానుకల విషయం పెద్దలు ముఖాముఖి మాట్లాడుకుంటారు" అన్న వాక్యం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో నాలుగో సెక్షన్ చదువుకో. కట్నం నేరుగా అడిగినా, చాటుగా అడిగినా నేరమే, ఆరు నెలలకి తక్కువ కాకుండా జైలు. ఈ వాక్యాన్ని చాటుగా అడగడమనే ఎవరైనా అనుకుంటారు, పైగా నీ ఫోటో కింద, నీ పేరుతో. కట్నం వద్దనుకుంటే "కట్నం తీసుకోము" అని రెండు మాటలు రాయి. అంత తేలిగ్గా రాయలేకపోతున్నావంటే ఇంట్లో ఇంకా తేలలేదన్నమాట. ముందు అది తేల్చుకుని తర్వాత ప్రొఫైల్ పెట్టు.

పైకి వస్తే, చెప్పాల్సిన చోట దాచావు, దాచాల్సిన చోట పరిచావు. ఉద్యోగమేమో "ప్రముఖ ఎంఎన్‌సీలో మంచి హోదా, ఆకర్షణీయమైన జీతం". ఆ కింద వాక్యంలోనే ఇంటి లోన్ ఈఎంఐ 41,600, ఇంకా పదకొండేళ్లు! హోదా ఏమిటో, ఏడాదికి ఎంతో ఒక్క లైన్లో రాసెయ్. ఈఎంఐ లెక్క ఇద్దరూ కూర్చుని ఖర్చులు మాట్లాడుకునే రోజున చెప్పుకుంటారు. తెనాలి దగ్గర పొలం ఉందన్నది చాలు, సర్వే నంబర్ దేనికిరా? అమ్మకానికి పెట్టావా? ఫ్లాట్ నంబర్, టవర్ పేరు, పిన్ని ఫోన్ నంబర్లు రెండూ కూడా తీసేయ్. పెళ్లిళ్ల పేరు చెప్పి డబ్బు అడిగే ఫోన్లు ఆవిడకి రోజూ వస్తాయి, ఆవిడేమో అందరితో అరగంట మాట్లాడుతుంది.

బాబాయికి స్టెంట్ వేశారన్నది, మీ సొంత అక్క కాపురం సంగతి, కేసు సంగతి, ఇవేవీ ప్రొఫైల్లో ఉండాల్సినవి కావు. అక్క విడాకులు అక్క చెప్పుకోవాల్సిన విషయం. ఆమెని అడిగే రాశావా? "అక్క గుంటూరులో టీచర్" అన్నంత వరకే నీది. నిశ్చితార్థం సంగతి మాత్రం వేరు. అది రాతలోంచి తీసేయ్, కానీ దాచకు. అమ్మాయితో మొదటి రెండు మాటల్లోనే నువ్వే చెప్పు. "తప్పు పూర్తిగా వాళ్లదే" అన్న ముక్క మాత్రం నోట్లోంచి కూడా రానివ్వకు.

జాతకం దగ్గర పెద్ద పొరపాటుంది. మృగశిర 3వ పాదం అని రాసి, రాశి వృషభం అన్నావు. మృగశిర మొదటి రెండు పాదాలే వృషభం, 3, 4 పాదాలు మిథునం. పంతులుగారు పొంతన చూడటానికి కూర్చోగానే పట్టేస్తారు. పాదం తప్పో రాశి తప్పో పిన్ని పెట్టెలో ఉన్న జాతకం తీసి చూడు. "కుజదోషం లేదు, ఉన్నా పరిహారం చేయించాం" అన్నావే, అది చదివి మీ బావ పొలమారేలా నవ్వారు. మేనమామల గోత్రం కూడా రాశావు, అది మంచి పని, చాలామంది మర్చిపోతారు.

ఇక నీ గురించి: "నేను సింపుల్, డౌన్ టు ఎర్త్, ఫ్యామిలీ ఓరియెంటెడ్ వ్యక్తిని. ప్రయాణాలు, సినిమాలు, సంగీతం ఇష్టం. జీవితంలో ఎదగాలన్నది నా లక్ష్యం." దీంట్లో నువ్వెక్కడున్నావురా? మీ బావ పేరు పెట్టినా సరిపోతుంది, మా పక్కింటి అబ్బాయి పేరు పెట్టినా సరిపోతుంది. నాకు తెలిసిన చిన్నా నెలకి రెండు శుక్రవారాలు రాత్రి బస్సెక్కి తెనాలి వెళ్తాడు. ఆదివారం నాటుకోడి పులుసు వాడే వండుతాడు, ఉప్పు ఎక్కువేస్తాడు. లాక్‌డౌన్లో వీడియోకాల్‌లో బాబాయికి పదిహేను రోజులు ఓపిగ్గా యూపీఐ నేర్పించాడు. ఆ పిల్లాడిని నేనైతే ఫోన్ చేసి పలకరిస్తాను.

పై వివరాలు దిద్దుకున్నాక, రెండు పేరాలూ నా మాటల్లో ఇలా ఉంటాయి. నీ నోటికి తగ్గట్టు మార్చుకో.

"పుట్టి పెరిగింది తెనాలి, పదేళ్లుగా హైదరాబాద్. సాఫ్ట్‌వేర్‌లో టీమ్ లీడ్‌గా చేస్తున్నాను, ఏడాదికి 32 లక్షలు. వారంలో మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే. నెలకి రెండుసార్లు అమ్మానాన్నల దగ్గరికి వెళ్తాను. పొద్దున షటిల్ ఆడతాను, ఆదివారాలు వంట నాదే, రుచికి మాత్రం గ్యారంటీ లేదు. కొత్తవాళ్లతో త్వరగా కలవను, అలవాటైతే మాట్లాడుతూనే ఉంటాను. నిజాంపేటలో సొంత ఫ్లాట్ ఉంది, లోన్ నడుస్తోంది. రెండేళ్లలో ఆఫీసు పని మీద అమెరికా వెళ్లే వీలుంది, ఇంకా ఖాయం కాలేదు.

చదువుకుని తన పని మీద ఇష్టమున్న అమ్మాయి అయితే బాగుంటుంది. ఉద్యోగం చేయాలా వద్దా అన్నది తన నిర్ణయం, ఊరు మారాల్సి వస్తే ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం. వయసు 27 నుంచి 32 మధ్య. అమ్మానాన్నలు తెనాలిలోనే ఉంటారు, పెద్దవాళ్లయ్యాక మా దగ్గరికి రావచ్చు, అమ్మాయి తల్లిదండ్రులకీ అదే మాట. కట్నం తీసుకోము. పెద్దలతో పాటు అమ్మాయితో కూడా నేరుగా మాట్లాడాలని ఉంది."

వయసు నేనే పెంచేశాను, పిన్ని అరిస్తే నా పేరు చెప్పు. కట్నం లైన్, అమ్మాయి తల్లిదండ్రుల లైన్ మాత్రం బాబాయితో మాట్లాడాకే పెట్టు, మాట్లాడకుండా పెట్టి తర్వాత నాలుక మడతేయొద్దు.

ఫోటోల్లో ఆ కూలింగ్ గ్లాసుల గోవా ఫోటో తీసేయ్. మా గృహప్రవేశంలో వడ్డిస్తూ దిగిన ఫోటో ఒకటుంది, మీ బావ ఫోన్లో వెతికి సాయంత్రం పంపిస్తాను. ఈలోపు జాతకం చూసి పాదం ఎంతో చెప్పు.

అక్క