బుజ్జికి, కాదన్నప్పుడల్లా చదువుకోవడానికి

బుజ్జీ, చదువుకోవడానికి కలకత్తా వెళ్తానంటే మీ నాన్న కాదన్నాడని నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు సరైన మాట దొరకలేదు. రాత్రి కూర్చుని ఇవి రాశాను. కొన్ని నీలో నువ్వు అనుకోవడానికి, కొన్ని పైకి అనడానికి. ఏది ఎక్కడ వాడాలో నీకు తెలుసు. నచ్చనివి కొట్టేయ్.

*

నాకు సీటు ఎవరో దయతలచి ఇవ్వలేదు. పరీక్ష రాశాను, ఇంటర్వ్యూలో జవాబులు చెప్పాను, లిస్టులో నా పేరు ఉంది.

అడగనిదే అమ్మయినా పెట్టదు. అడిగాను. మళ్లీ అడుగుతాను. గొంతు పెంచకుండానే అడుగుతాను.

కాదన్నారు కాబట్టి నా మీద ప్రేమ లేదనుకోను. ప్రేమ ఉంది కాబట్టి కాదనాలంటే ఒప్పుకోను.

(పై మాట రోజూ చదువు. మీ నాన్న నా అన్నయ్య. చిన్నప్పుడు నన్ను స్కూలు గేటు దాకా దింపి, నేను క్లాసులోకి వెళ్లేదాకా అక్కడే నిలబడేవాడు. వాడికి కోపం తక్కువ, భయం ఎక్కువ. భయాన్ని కోపంలా చూపించడం మాత్రం బాగా వచ్చు.)

భయం నాకూ ఉంది. అయినా రైలు టైమింగ్స్ చూసి పెట్టుకున్నాను.

ఏడుపొస్తే ఏడుస్తాను. కళ్లు తుడుచుకుని మళ్లీ అదే మాట చెప్తాను.

*

నాన్నమ్మ దగ్గర సామెతలు చాలా ఉంటాయి. వాటికి జవాబులు వేరే పెట్టుకో.

దూరపు కొండలు నునుపు అంటే: "నునుపో గరుకో ఎక్కి చూసి నీకే చెప్తాను నాన్నమ్మా."

ముల్లు మీద ఆకు పడ్డా, ఆకు మీద ముల్లు పడ్డా ఆకుకే నష్టం అంటే: "అయితే ముల్లును ఏరేద్దాం. ఆకును ఎన్నాళ్లు దాస్తారు?"

ఆడపిల్లకు అంత దూరం చదువు ఎందుకంటే: "తాతయ్య కందుకూరు నుంచి మద్రాసు ఎందుకు వచ్చారో చెప్పు నాన్నమ్మా, నేనూ అందుకే."

ఈ మూడో దానికి ఆవిడ దగ్గర జవాబు ఉండదు. తాతయ్య పద్దెనిమిదేళ్లకు బయల్దేరి వచ్చి, కొత్వాల్ చావడి మార్కెట్లో మూటలు దించే దగ్గర మొదలుపెట్టారు. అప్పుడు ఊళ్లో ఆయన్ని కూడా వద్దన్నవాళ్లే ఎక్కువ. ఆ మాట విని ఆయన ఆగిపోయుంటే, పెరంబూర్‌లో కూర్చుని నీకు కాదని చెప్పడానికి మన ఇంట్లో ఎవరూ ఉండేవాళ్లు కాదు.

దూరం వెళ్లడం మన ఇంటికి కొత్త కాదు. ఆడపిల్ల వెళ్లడమే కొత్త. ఆ కొత్త నాతో మొదలవుతుంది.

*

అన్నయ్యను హైదరాబాద్ పంపినప్పుడు ఏ లెక్క వేశారో, అదే లెక్క నాకూ వెయ్యండి.

నలుగురూ ఏమనుకుంటారంటే: ఆ నలుగురిలో ఒకరు మా మేనత్త, ఆవిడ సరే అంది. ఇంక ముగ్గురు.

పెళ్లి వద్దని నేను అనలేదు. ముహూర్తాలు ప్రతి ఏడూ ఉంటాయి, అడ్మిషన్‌కి ఆఖరి తేదీ ఒక్కటే ఉంటుంది.

పక్కింటివాళ్ల అమ్మాయికి జరిగింది నాకూ జరుగుతుందని భయపడతారు. పక్కింటివాళ్ల అబ్బాయికి జరిగింది అన్నయ్యకు జరుగుతుందని ఎప్పుడూ భయపడలేదు.

(ఈ ఆఖరుది కాస్త ఘాటు. అన్నం తినేటప్పుడు అనకు.)

*

ఇక "ఇక్కడ కాలేజీలు లేవా" అన్న ప్రశ్న. అది అన్యాయమైన ప్రశ్న కాదు. మద్రాసులో లేనివి ఏమున్నాయని నేనూ అడిగాను. నువ్వు చెప్పాక అర్థమైంది. అదే నెమ్మదిగా మీ నాన్నకూ చెప్పు:

ఇక్కడి కాలేజీలు తక్కువవని కాదు. నేను చదవాలనుకున్న స్టాటిస్టిక్స్ డిగ్రీ, బీస్టాట్, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దానికి ట్యూషన్ ఫీజు లేదు, హాస్టల్ ఉంది, రాత పరీక్షా ఇంటర్వ్యూ దాటితేనే సీటు ఇస్తారు.

స్టాటిస్టిక్స్‌లో ప్రపంచానికి తెలిసిన సి.ఆర్. రావు గారు విశాఖలో ఎమ్మే లెక్కలు చదివి, 1941లో అదే కలకత్తా వెళ్లి అదే సంస్థలో చేరారు. మన తెలుగువాళ్లు ఆ దారిలో నడిచి ఎనభై ఏళ్లు దాటింది.

కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున ఎక్కితే విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నం. చీకటి పడేదాకా మన ఊళ్లే. పరాయి దేశం కాదు నాన్నా, ఒక్క రాత్రి దూరం.

మగవాడి కథ చెప్పావు అంటాడేమో. అప్పుడు ఇది చెప్పు. మద్రాసులోనే, మన తెలుగింట్లోనే పుట్టిన అయ్యలసోమయాజుల లలిత గారి సంగతి. పద్దెనిమిదేళ్లకే భర్త పోయాడు, చంటిబిడ్డ చేతిలో ఉంది. ఆ రోజుల్లో అలాంటి పిల్లను ఇంట్లో ఏ మూలన కూర్చోబెట్టేవారో నాన్నమ్మనే అడుగు. ఆవిడ తండ్రి గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. కూతుర్ని అక్కడే ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. డిగ్రీ పట్టా మీద మగవాళ్లకు వాడే మాటే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి పైన ఆడవాళ్ల మాట చేత్తో రాసి ఇచ్చారు. తర్వాత ఆవిడ సిమ్లాలో పనిచేశారు, కలకత్తాలో కూడా పనిచేశారు. 1940ల సంగతి ఇది. ఇందులో మీ నాన్నకు పట్టాల్సిన మనిషి లలిత గారు కాదు, వాళ్ల నాన్న. ఆ ముక్క నువ్వు నోటితో అనక్కర్లేదు, వాడికే తడుతుంది.

పట్టా మీద అచ్చయిన మాటనే కొట్టేసి రాయించుకుంది ఒకావిడ. ఇంట్లో అన్న మాట మారడానికి ఎంతసేపు?

*

అమ్మ నోరు విప్పలేదు. కానీ నా సర్టిఫికెట్లన్నీ జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టింది. నాకు అది చాలు.

అమ్మను నా పక్కన నిలబడమని ఒత్తిడి చేయను. నేను వెళ్లాక కూడా ఆ ఇంట్లో ఉండేది ఆవిడే.

అబద్ధం చెప్పి వెళ్లను. చెప్పి వెళ్తాను, చెప్పినట్టు ఉంటాను.

మీరు అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు తెస్తాను: హాస్టల్ ఎక్కడ, ఎవరికి ఫోన్ చేయాలి, దసరాకు ఏ రైల్లో వస్తాను. జవాబులు విన్నాక మాత్రం ప్రశ్న మార్చకండి.

వంట రాదని ఆపకండి. అన్నయ్యకీ రాదు.

నన్ను మీరే పెంచారు. కలకత్తాలో ఎలా ఉంటానోనని అనుమానపడితే, మీ పెంపకాన్ని మీరే అనుమానిస్తున్నట్టు.

ఇవాళ కాదన్నారు. ఇవాళ్టికి కాదు. రేపు కాఫీ కప్పు చేతికిచ్చి మళ్లీ మొదలుపెడతాను.

*

శుక్రవారం సాయంత్రం నేను వస్తున్నా. మీ మామయ్యను కూడా లాక్కొస్తా, మీ నాన్న ఆయన మాట కాస్త వింటాడు. ఫీజు కట్టాల్సినవి ఏమేమున్నాయో, ఆఖరి తేదీ ఏదో ఒక కాగితం మీద రాసి ఉంచు, హాస్టల్ వార్డెన్ నంబర్ కూడా. అప్పటిదాకా రోజుకు ఒకటో రెండో వాడుకో. అన్నీ ఒకేసారి మా అన్నయ్య మీద వదలకు, వాడికి బీపీ ఉంది.