స్టేట్‌మెంట్‌లో మేడమ్ అడిగిన మూడు పద్దులు: సరిచేసిన జవాబు

కస్టమర్ మేడమ్‌కి నువ్వు రాసిన జవాబు డ్రాఫ్ట్ చదివానమ్మా. లెక్క మొత్తం సరిగ్గా పట్టుకున్నావు, అంకెల్లో నేను వేలు పెట్టలేదు. మార్చిందల్లా చెప్పే తీరు, చెప్పే వరుస. కింద ఉన్నది ఫైనల్ ప్రతి. అటాచ్‌మెంట్లు ఒకసారి తెరిచి చూసుకుని మధ్యాహ్నం లోపల పంపించెయ్. ఏది ఎందుకు మార్చానో కూడా రాస్తున్నాను. ఇలాంటి జవాబు ఇంకోసారి రాయాల్సి వస్తే నా దాకా రానక్కర్లేదు.

మొదటి పేరా అంతా క్షమాపణతోనే నింపావు. "మీకు కలిగిన తీవ్ర అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము" అని మొదలుపెట్టి, నాలుగు వాక్యాలు దాటాక గానీ అసలు సంగతికి రాలేదు. ఆవిడకి తెలియాల్సింది ఒక్కటే, ఎంత కట్టాలి అని. పై అధికారి దగ్గర పేమెంట్‌కి సంతకం పెట్టించుకోవాలంటే ఆవిడకి కావాల్సింది ఆ అంకె. అందుకే దాన్ని పైకి తెచ్చాను. సారీ కూడా ఉంది, తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే, ఒక్కసారే.

"సిస్టమ్‌లోని సాంకేతిక కారణాల వల్ల రెండుసార్లు నమోదైంది" అన్నావు. సిస్టమ్ ఏం చేసింది పాపం? డెలివరీ చలాన్ నంబర్‌ని ఇన్‌వాయిస్ నంబర్ గడిలో కొట్టింది మన సెక్షనే. నంబర్ వేరైతే డూప్లికేట్ అని అది పట్టుకోలేదు. ఉన్నదున్నట్టు ఒక్క ముక్కలో చెప్పేస్తే, తర్వాత మూడో పద్దు గురించి మనం చెప్పేది ఆవిడ నమ్ముతారు. రెండు చోట్ల నీళ్లు నమిలి, మూడో చోట "మాదే కరెక్ట్" అంటే ఎవరు వింటారు?

మూడో పద్దు దగ్గర "క్రెడిట్ నోటు 0613 కింద స్పష్టంగా ముద్రించి ఉన్నా మీరు గమనించలేదు" అని రాశావు. నిజమే, అయినా తీసేశాను. ఎదురుగా మన నెరేషన్ చూడు: "జె.వి. సవరణ". అది చదివి ఎవరికేం అర్థమవుతుంది? "ఈ పద్దు సరైనదే, తొలగించుట కుదరదు" అన్న వాక్యం కూడా తీసేశాను. మూడు లైన్లూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆ మాటతో పనే ఉండదు. వాళ్లు రెండు క్రెడిట్ నోట్లూ ఎక్కించుకున్నారని నువ్వు ఖాయంగా రాసేశావు, నేను "ఉండొచ్చు" అని మార్చాను. వాళ్ల లెడ్జర్ మనకి కనపడదు కదా. తేడా సరిగ్గా 27,250 వచ్చింది కాబట్టి మన అనుమానం అది, అంతే.

చివర్లో పేమెంట్ ఆపుతామని మేడమ్ అన్న మాటకి నువ్వు జవాబే ఇవ్వలేదు. అది వదిలేస్తే 15వ తేదీ దాటాక మళ్లీ మనమే ఫోన్ చెయ్యాలి. దానికి ఒక దారి చూపించాను, సార్‌తో కూడా మాట్లాడేశాను.

ఇక్కణ్ణుంచి కింద ఉన్నది కాపీ చేసుకో.

విషయం: జూన్ 30 నాటి ఖాతా స్టేట్‌మెంట్ – మీరు అడిగిన మూడు పద్దుల వివరం

మేడమ్ గారికి,

నమస్కారం.

జూలై 4న మీరు పంపిన మెయిల్ అందింది. మీరు గుర్తించిన మూడు పద్దుల్నీ ఇన్‌వాయిస్‌లు, చలాన్లు, బ్యాంకు వివరాలతో పోల్చి చూశాం. మొదటి రెండింటిలో మీరు చెప్పిందే సరైనది. వాటిని సరిచేశాం. మూడోది, అంటే జూన్ 9 నాటి 27,250 డెబిట్, ఖాతాలో ఉండాల్సిన పద్దే. కారణం కింద వివరంగా రాస్తున్నాం. రెండు సవరణలూ అయ్యాక జూన్ 30 నాటికి మీరు చెల్లించాల్సిన బాకీ 2,46,350 కాదు, 1,89,950.

ఏప్రిల్ 18, డెబిట్ 38,400

ఇది ఇన్‌వాయిస్ 2217. అదే సరుకుకి సంబంధించిన డెలివరీ చలాన్ నంబర్ 5519ని మా దగ్గర మరో ఇన్‌వాయిస్‌గా నమోదు చేశారు. దాంతో ఒకే సరుకు విలువ మీ ఖాతాలో రెండుసార్లు పడింది. 5519 పేరుతో ఉన్న పద్దుని జూలై 8 తేదీతో రద్దు చేశాం. ఈ 38,400 గడువు దాటిందంటూ జూన్ 20న మీకు ఒక రిమైండర్ కూడా వెళ్లింది. లేని బాకీకి రిమైండర్ పంపినందుకు క్షమించండి. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. దాని మీద ఆలస్య రుసుము ఏమీ వేయలేదు.

మే 27, క్రెడిట్ 46,500

మీరు పంపింది 64,500. మా బ్యాంకు ఖాతాలో జమ అయింది కూడా అంతే. మీ ఖాతాలో ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారై 46,500గా పడింది. మిగతా 18,000 ఎవరి ఖాతాకీ చేరకుండా మా సస్పెన్స్ ఖాతాలో ఉండిపోయింది. దాన్ని జూలై 8న మీ ఖాతాకి మార్చాం. మీరు ఆ చెల్లింపుతో పాటు పంపిన వివరం ప్రకారమే ఇన్‌వాయిస్ 2236కి 41,000, ఇన్‌వాయిస్ 2241కి 23,500 సర్దుబాటు చేశాం. స్టేట్‌మెంట్‌లో 2241 కింద ఇంకా 18,000 రావాల్సి ఉన్నట్టు కనిపించడానికి కారణం ఈ పొరపాటే. ఇప్పుడు ఆ రెండు ఇన్‌వాయిస్‌లూ పూర్తిగా చెల్లిపోయాయి.

జూన్ 9, డెబిట్ 27,250

"ఆ రోజు మేము ఏ సరుకూ తీసుకోలేదు, ఏ ఇన్‌వాయిస్ కూడా రాలేదు" అని మీరు రాశారు. అది నిజమే. ఈ డెబిట్ కొత్త అమ్మకానికి సంబంధించింది కాదు. మీరు తిరిగి పంపిన సరుకుకి మేము ముందు ఇచ్చిన ఒక క్రెడిట్ నోటు రద్దైనందువల్ల వచ్చిన పద్దు ఇది. మా స్టేట్‌మెంట్‌లో దీని ఎదురుగా "జె.వి. సవరణ" అని మాత్రమే ఉంది. అది చూసి సంగతేమిటో తెలుసుకోవడం ఎవరికైనా కష్టమే.

ఇన్‌వాయిస్ 2194లోని 50 బాక్సుల లామినేషన్ షీట్లు తడిసి వచ్చాయని మీరు వాపసు పంపారు. వాటికి మే 30న క్రెడిట్ నోటు 0588 ఇచ్చాం. అందులో పాత ధరల పట్టికలోని రేటు, బాక్సుకి 545 చొప్పున, 27,250 లెక్క వేశాం. కానీ ఇన్‌వాయిస్‌లో మీకు వేసిన రేటు 590. అంటే మీకు రావాల్సింది 29,500. పాత నోటులోని మొత్తాన్ని దిద్దే వీలు లేదు కాబట్టి, జూన్ 9న దాన్ని పూర్తిగా రద్దు చేసి, అదే రోజు సరైన మొత్తంతో క్రెడిట్ నోటు 0613 ఇచ్చాం. మీ ఖాతాలో ఈ వాపసుకి సంబంధించిన పద్దులు వరుసగా ఇవి:

మే 30: క్రెడిట్ నోటు 0588, క్రెడిట్ 27,250
జూన్ 9: క్రెడిట్ నోటు 0588 రద్దు, డెబిట్ 27,250
జూన్ 9: క్రెడిట్ నోటు 0613, క్రెడిట్ 29,500

మూడూ కలిపితే మీకు దక్కిన క్రెడిట్ 29,500. మొదట ఇచ్చిన దానికంటే ఇది 2,250 ఎక్కువ. మధ్యలో ఉన్న డెబిట్‌ని తీసేస్తే, ఒకే 50 బాక్సులకి రెండు క్రెడిట్ నోట్లూ నిలిచి 56,750 అవుతుంది. ఇన్‌వాయిస్ ప్రకారం ఆ బాక్సుల విలువ 29,500 మాత్రమే.

మీ పుస్తకాల ప్రకారం బాకీ 1,62,700 అని రాశారు. మా సవరించిన నిల్వకీ దానికీ తేడా సరిగ్గా 27,250. మీ లెడ్జర్‌లో 0588, 0613 రెండూ నమోదై ఉండొచ్చని మాకు అనిపిస్తోంది. ఒకసారి చూడగలరు. 0588ని రద్దు చేసుకుంటే రెండు వైపులా లెక్క టాలీ అవుతుంది. అలా కాకుండా తేడా మరెక్కడైనా ఉందని తేలితే, ఏప్రిల్ నుంచి జూన్ వరకు మీ దగ్గరున్న మా ఖాతా లెడ్జర్ పంపండి. పద్దు పద్దుకీ పోల్చి మేమే చెబుతాం.

ఇప్పుడు చెల్లించాల్సింది

1,89,950లో ఉన్నవి రెండే ఇన్‌వాయిస్‌లు. 2263 మొత్తం 74,300, గడువు జూలై 15. 2271 మొత్తం 1,15,650, గడువు జూలై 31. గడువు దాటిన బాకీ ఏదీ లేదు.

27,250 సంగతి తేలే వరకు పేమెంట్ విడుదల చేయలేమని మీరు రాశారు. మీ ఇబ్బంది అర్థమైంది. అయితే ఈ రెండు ఇన్‌వాయిస్‌లకీ ఆ పద్దుతో సంబంధం లేదు. అందుకని మా విన్నపం ఇది: 2263ని గడువు లోపల పూర్తిగా చెల్లించండి. మీ పరిశీలన జూలై 31కి ముందే పూర్తయితే 2271 కూడా మామూలుగానే చెల్లించవచ్చు. పూర్తికాకపోతే అందులో 27,250 మాత్రం ఆపుకుని మిగతా 88,400 పంపండి. ఆపిన మొత్తం మీద, విషయం తేలేవరకు, రిమైండర్ గానీ ఆలస్య రుసుము గానీ ఉండదు.

రెండు సవరణలూ జూలై 8 తేదీతో వేశాం కాబట్టి ఏప్రిల్, మే నెలల పాత పద్దులు స్టేట్‌మెంట్‌లో అలాగే కనిపిస్తాయి, వాటిని సరిచేసే పద్దులు జూలైలో కనిపిస్తాయి. చూడటానికి తేలిగ్గా ఉండాలని ప్రతి సవరణ ఎదురుగా అది ఏ పద్దుకి సంబంధించిందో పూర్తిగా రాశాం. జూన్ 9 నాటి డెబిట్ ఎదురుగా కూడా "క్రెడిట్ నోటు 0588 రద్దు; బదులుగా 0613" అని మార్చాం.

స్టేట్‌మెంట్‌ని ఇంత శ్రద్ధగా చూసి రాసినందుకు కృతజ్ఞతలు. ఇంకేదైనా అడగాలనిపిస్తే ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి, నేరుగా నా దగ్గరికే వస్తుంది.

ఇట్లు,
అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్,
కస్టమర్ ఖాతాల విభాగం

జతపరిచినవి: జూలై 8 వరకు సవరించిన స్టేట్‌మెంట్, ఇన్‌వాయిస్‌లు 2194, 2217, డెలివరీ చలాన్ 5519, మే 27 బ్యాంకు జమ వివరం, క్రెడిట్ నోట్లు 0588, 0613