ప్రణీత్‌కు, ఇండక్షన్ పేపర్ తిరిగిస్తూ

విద్యానగర్,
ఆదివారం రాత్రి

ప్రణీత్,

నీ పేపర్ దీనికే పిన్ చేశాను. మార్కులు చూసి మడిచి బ్యాగులో పడేయకుండా ముందు ఇది చదువు. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ, ఫోన్లో నేనేం చెప్పినా "సరే సార్, సరే సార్" అంటావు. నీకు అర్థమైందో, అంబర్‌పేట బస్సు వచ్చిందో నాకు తెలియదు.

ఇండక్షన్‌లో వాక్యం k దగ్గర నిజమనుకుని k+1 దగ్గర కూడా నిజమని చూపే భాగం మన బ్యాచ్‌లో నీ అంత శుభ్రంగా రాసేవాళ్లు లేరు. ఇది నిన్ను బుజ్జగించడానికి అంటున్న మాట కాదు. 2·3 + 3·4 + 4·5 + … లెక్కలో k³ + 9k² + 26k + 18 వచ్చాక, అందులోంచి (k+1)ని లాగి (k+1)(k² + 8k + 18) చేసి, ఆ బ్రాకెట్‌నే (k+1)² + 6(k+1) + 11గా మార్చావు చూడు, చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. నీకు ఆల్జీబ్రా వచ్చు. మరి ఏడు మార్కుల ప్రశ్నలో మొదటి రెండు లైన్ల దగ్గరే, అంటే n = 1 పెట్టి సరిచూసే S(1) దగ్గరే, ప్రతిసారీ ఎందుకు పడిపోతున్నావు?

మూడో ప్రశ్న తీసి చూడు. 3·5^(2n+1) + 2^(3n+1) ని 17 భాగిస్తుందని చూపాలి. n = 1 పెట్టి 3·5³ అని సరిగ్గానే రాశావు. తర్వాతి లైన్లో అది 15³ అయింది. ఘాతం ఐదుకే గానీ మూడుకి లేదు కదా! దాంతో 3375 వచ్చింది, 16 కలిపి 3391 అన్నావు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, దానికి నేనేమీ అనను. ఆ కింద "3391ని 17 భాగిస్తుంది, కాబట్టి S(1) సత్యం" అని రాశావే, దానికి మాత్రం అంటాను. భాగించి చూశావా? 17 × 199 = 3383. ఎనిమిది మిగులుతుంది. సరిగ్గా చేస్తే 375 + 16 = 391, అంటే 17 × 23. భాగించి ఉంటే ఆ మిగిలిన ఎనిమిదే నీ 15³ని పట్టించేది.

ఐదో ప్రశ్న ఇంకా విచిత్రం. (n+1) + (n+2) + … + 2n = n(3n+1)/2. దీనికి n = 1 పెట్టి ఎడమవైపు 2 + 3 + 2 = 7 అన్నావు, కుడివైపు 2 అన్నావు, ఆ కిందే "ఎల్.హెచ్.ఎస్. = ఆర్.హెచ్.ఎస్." అని గీత కూడా కొట్టావు. ఏడు, రెండు సమానమా నాన్నా? అక్కడ కనిపించే పదాలన్నింటిలో n బదులు 1 పెట్టడం కాదు చేయాల్సింది. n+1 దగ్గర మొదలై 2n దగ్గర ఆగే మొత్తం అది. n = 1 అయితే 2 దగ్గర మొదలై 2 దగ్గరే ఆగుతుంది, ఒక్కటే పదం. n = 2 అయితే 3 + 4. మూడు పదాలు ప్రశ్నలో అచ్చయి ఉన్నంత మాత్రాన అవన్నీ ఎప్పుడూ ఉండాలని లేదు. ఇదే లెక్కలో k నుంచి k+1కి వెళ్లేటప్పుడు (k+1) పోయి (2k+1), (2k+2) వచ్చి చేరతాయని నువ్వు చక్కగా పట్టుకున్నావు. అందుకే నాకు ఒళ్లు మండింది.

జబ్బు ఎక్కడుందో చెబుతాను. ప్రశ్నలో "నిరూపించండి" అని ఉంది కాబట్టి అది నిజమేనని నువ్వు ముందే నమ్మేశావు. ఇక S(1) నీకు ఒక ఫార్మాలిటీ, అప్లికేషన్ ఫారంలో తండ్రి పేరు నింపినట్టు. ఎప్‌సెట్ బిట్లలో నువ్వు ఇలా చేయవు. సిరీస్ మొత్తం ఎంత అని నాలుగు ఆప్షన్లు ఇస్తే n = 1 పెట్టి రెండు కొట్టేస్తావు, n = 2 పెట్టి మూడోది కొట్టేస్తావు. ఆ లెక్క ఎప్పుడూ తప్పు చేయలేదు నువ్వు, ఎందుకంటే అక్కడ మూడు అబద్ధాలున్నాయని నీకు తెలుసు. S(1) రాసేటప్పుడూ అదే అనుమానంతో చూడు.

నమ్మకం కుదరకపోతే ఇది చెయ్యి: 1 + 2 + … + n = n(n+1)/2 + 7. శుద్ధ అబద్ధం. అయినా S(k) నిజమనుకుని రెండువైపులా (k+1) కలుపు. (k+1)(k+2)/2 + 7 వస్తుంది, అంటే S(k+1). నువ్వు అంత బాగా రాసే ఆ భాగం దీనికి కూడా ఒక్క మచ్చ లేకుండా పనిచేస్తుంది. దాన్ని ఆపేది ఒక్కటే: n = 1 దగ్గర ఎడమవైపు 1, కుడివైపు 8.

పాస్కల్ సంఖ్యల త్రిభుజం మీద రాసిన పుస్తకం 1665లో, ఆయన పోయాక అచ్చయింది. అందులో ఈ పద్ధతిలో ఒక నిరూపణ ఉంది. దానికి లెక్కలేనన్ని సందర్భాలున్నా రెండు మెట్లు చాలంటాడు, అందులో మొదటిది మనం S(1) అనేదే. అది చూడగానే తెలిసిపోతుందని కూడా అంటాడు. అయినా రాశాడు!

ఎనిమిదోది వేరే రకం తప్పు. n ≥ 5 అయితే 2ⁿ > n² అని చూపమంటే నువ్వు n = 1 పెట్టి 2 > 1 అని ముందుకెళ్లావు. నిజమే, 2 > 1. కానీ n = 2 దగ్గర 4, 4; n = 3 దగ్గర 8, 9; n = 4 దగ్గర 16, 16. మూడుచోట్లా తప్పే. స్టెప్‌లో 2k² ≥ (k+1)² కావాలి, అది k = 3 నుంచి పనిచేస్తుంది, k = 1, 2 దగ్గర పనిచేయదు. అంటే నువ్వు మొదలుపెట్టిన చోటి నుంచి కదలడానికి దారి లేదు. దారి ఉన్న 3, 4 దగ్గరేమో వాక్యమే నిజం కాదు. రెండూ కలిసొచ్చేది 5 దగ్గర, 32 > 25. ప్రశ్నలో n ≥ 5 అని ఊరికే ఇవ్వలేదు.

ఇకనుంచి S(1) రాసేటప్పుడు ఎడమవైపు విడిగా, కుడివైపు విడిగా కట్టు, రెంటి మధ్య "=" ముందే పెట్టకు. భాగహారమైతే భాగఫలం చూపించు: 391 = 17 × 23 అని రాస్తే సరిపోతుంది, "భాగిస్తుంది" అని ఒట్టు వేయనక్కర్లేదు. రఫ్‌లో n = 2 కూడా ఒకసారి చూసుకో. నిరూపణకి అది అక్కర్లేదు గానీ, పదాలు ఎన్ని ఉంటాయో దాంతో తేలిపోతుంది.

మంగళవారానికి ఇవి చేసుకురా. కొన్ని తప్పుడు వాక్యాలు, ఏవో చెప్పను. తప్పయితే ఎక్కడ తప్పో రాయి, నిజమైతే పూర్తిగా నిరూపించు.

1 + 3 + 5 + … + (2n−1) = n² + 1.
49ⁿ + 16n − 1 ని 64 భాగిస్తుంది.
7ⁿ + 2 ని 6 భాగిస్తుంది.
n! > 2ⁿ. ఇది ఏ n నుంచి నిజమో నువ్వే తేల్చాలి.
u₁ = 5, u₂ = 13, ఆ తర్వాత uₙ₊₁ = 5uₙ − 6uₙ₋₁ అయితే uₙ = 2ⁿ + 3ⁿ.

చివరిదాంట్లో ఒక్క u₁ సరిచూస్తే చాలదు. uₙ₊₁ రావాలంటే వెనకవి రెండు కావాలి, కాబట్టి మొదట్లో చూసుకోవాల్సినవీ రెండే. ఎందుకో నీ మాటల్లో రాయి, నా వాక్యం కాపీ కొట్టకు.

మీ అమ్మగారు శుక్రవారం ఫోన్ చేసి, ఇండక్షన్ వదిలేసి వేరే చాప్టర్లు చదవమనాలా అని అడిగారు. వద్దని చెప్పాను. మంగళవారం ఆరింటికి రా, బ్యాచ్ మొదలయ్యేలోపు ఈ ఐదింటికీ S(1) మాత్రమే చూస్తాను. మిగతా భాగం అప్పుడు తెరవనే తెరవను.

మీ లెక్కల సార్