తొమ్మిదో నంబరు కార్డు

సూట్‌కేసు 24.6 కిలోలు తూగింది.

"కిలోన్నర పైనే తీసెయ్యాలి," అంది కీర్తన మంచం మీద నిలబడి, చేతిలో వేలాడే తూకం మిషన్‌తో. కీర్తన ఇంతవరకు విమానం ఎక్కలేదు గానీ, 23 దాటితే కౌంటర్ దగ్గర అందరి ముందూ పెట్టె విప్పిస్తారని యూట్యూబ్ చూసి చూసి ఆమెకు కంఠతా వచ్చేసింది.

రజిత ఏం తీయాలా అని చూసింది. కారం పొడి, మామిడికాయ పచ్చడి, రెండు స్వెట్టర్లు, జర్మన్ బి2 పుస్తకాలు, సర్టిఫికెట్ల ఫైలు. ఫైలు చేతిసంచిలోకి మారింది. పచ్చడి జోలికి ఎవరూ పోలేదు. పుస్తకాలు తీసింది, మళ్లీ పెట్టింది. లైప్‌జిగ్‌లో మొదట కొన్ని నెలలు అసిస్టెంటుగానే చెయ్యాలి, అక్కడి వాళ్లు తన డిగ్రీని ఒప్పుకున్నాకే నర్సు. అందాకా ఆ పుస్తకాలే దిక్కు.

ఎస్.ఆర్. నగర్‌లోని ఆ లేడీస్ హాస్టల్లో ఫోర్ షేరింగ్ రూమది. నాలుగో మంచం నెల నుంచి ఖాళీ. దాని మీదే అందరి ఉతికిన బట్టలు, కీర్తన గ్రూప్స్ మెటీరియలు, ఇప్పుడు రజిత సామాను. పొద్దున్నే అడ్వాన్సు కోసం కిందికి వెళ్తే వార్డెన్ ఆంటీ మెయింటెనెన్సు పేరుతో రెండు వేలు కోసుకుని, పైగా "ఫారిన్ పోతున్నవు, నీకేం తక్కువమ్మా" అంది. రజిత వాదించలేదు. వెళ్లిపోయే రోజు వార్డెన్‌తో వాదించి గెలిచినవాళ్లు ఎస్.ఆర్. నగర్‌లో ఇంకా పుట్టలేదు.

"సర్దింది చాల్లే, ఇలా రా. నీకు కార్డు తీస్తాను," అంది స్రవంతి.

స్రవంతిది భీమవరం. మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం. పోయిన ఏడాది బ్రేకప్ అయ్యాక ఆన్‌లైన్‌లో టారో కార్డుల డబ్బా తెప్పించుకుంది. మొదట తన కోసం తీసుకునేది, తర్వాత ఫ్లోరంతా క్యూ కట్టడం మొదలైంది. పెళ్లిచూపులు, ప్రమోషను, కానిస్టేబుల్ రిజల్టు, అన్నిటికీ కార్డే. "మొత్తం 78. ఈ బొమ్మలు 1909లో లండన్‌లో పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆవిడ వేసింది," అని ప్రతిసారీ చెప్తుంది, చుట్టాలావిడ గురించి చెప్పినట్టు.

"నాకియ్యన్ని నమ్మకం లేదే."

"నమ్మద్దు. తియ్యి, అంతే. ఎడం చేత్తో."

రజిత ఒకటి లాగి దుప్పటి మీద పెట్టింది. మంచుకొండ కొన మీద ఒక ముసలాయన. బూడిదరంగు గొంగడి తల మీదుగా కప్పుకున్నాడు. ఒక చేతిలో పొడుగాటి కట్టె, ఇంకో చేతిలో లాంతరు. తల వంచి కిందికి చూస్తున్నాడు. ఆ పైన రోమన్ అంకెల్లో తొమ్మిది.

స్రవంతి ఏమీ అనలేదు. అనకపోవడమే తేడాగా ఉంది. ఎంత పాడు కార్డొచ్చినా అందులో ఏదో ఒక మంచి వెతికి చెప్పే మనిషి తను.

"హెర్మిట్," అంది చివరికి. "అంటే, సన్యాసి. మరీ చెడ్డదేం కాదు. ఆలోచన, లోపలికి చూసుకోవడం..."

"ఒంటరితనం," అంది కీర్తన, అప్పటికే ఫోన్లో వెతికేసి. స్రవంతి గుర్రుగా చూసింది.

"ఇంకోటి తియ్యవే. మూడు తీస్తే గానీ అసలు అర్థం రాదు."

"వద్దు," అంది రజిత. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నమ్మకం లేదన్న మాట నిజమే. కానీ రెండు వారాలుగా రాత్రిళ్లు తనకు నిద్ర పట్టనిదే దీని గురించి. డిసెంబర్లో అక్కడ సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుందట. డ్యూటీ దిగి రూముకొచ్చి తలుపు తీస్తే లోపల ఎవరూ ఉండరు. ఇక్కడ గీజర్ కోసం కొట్టుకున్నా, ఆదివారం చికెన్‌లో ముక్కల కోసం కొట్టుకున్నా, కొట్టుకోవడానికి మనుషులున్నారు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఈ ముసలాయన మాత్రం చెప్పేశాడు.

ఫోన్ మోగింది. బాపు.

"తిన్నవా బిడ్డా? పెట్టె కట్టినవా?"

"కట్టిన బాపూ. బరువెక్కువైంది."

"పచ్చడి తియ్యకు. అమ్మ తిడ్తది."

రజిత ఫోన్ చెవికి పెట్టుకునే కార్డు చేతిలోకి తీసుకుంది. గొంగడి, కట్టె, దీపం. ఈ మనిషిని తనెక్కడో చూసింది. ఒక్కసారి కాదు, చిన్నప్పుడు రోజూ చూసింది. వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు 2018లో వచ్చింది. అంతకు ముందు జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో కరెంటు అర్ధరాత్రి దాటాక వచ్చేది. బాపు గొంగడి కప్పుకుని, పాముల భయానికి కట్టె పట్టుకుని, ఇంకో చేత్తో బ్యాటరీ వేసుకుంటూ మోటరు పెట్టడానికి బాయికాడికి పోయేవాడు. తలుపు చప్పుడుకు తనకు మెలకువ వచ్చేది. బాపు తిరిగొచ్చేదాకా అమ్మ పడుకునేది కాదు.

"బాపూ, అప్పట్ల రాత్రి ఒక్కనివే బాయికాడికి పోతుంటివి గదా, భయం కాకపోయేదా?"

"గిప్పుడెందుకే అది?"

"ఊకెనే. చెప్పు."

"ఒక్కన్ని ఎందుకైత? కరెంటు నాకొక్కనికే ఇచ్చేటోళ్లా?" బాపు నవ్వాడు. "రొండు గొట్టంగ ఊరు ఊరంత బాయిలకాడనే ఉండు. గట్టెక్కి చూస్తే ఆడొక బ్యాటరీ, ఈడొక బ్యాటరీ. మల్లయ్య స్టార్టర్ లేవకపోతే ఆణ్నుంచే కేకేసేటోడు. నీళ్లు పారేదాక గట్టు మీద కూసోని ముచ్చట్లు. మీ అమ్మ నేను ఆడ ఒక్కన్నే ఉంటున్న అనుకోని ఏడ్సేది."

"నువ్వు చెప్పకపోయినవా?"

"చెప్తే, ముచ్చట్లు పెట్టనీకి పోతున్నవా అని కొట్లాడకపోవునా?"

ఫోన్ పెట్టేశాక రజిత కార్డును స్రవంతికి తిరిగిచ్చింది.

"ఉంచుకో కావాలంటే. గుర్తుగా."

"నీకు 77 అయితయి. రేపు ఎవరికన్నా ఈయనే రావాల్సి ఉంటే ఎట్ల?"

స్రవంతి అది నిజమేనన్నట్టు తీసుకుని కట్టలో కలిపేసింది.

వాట్సాప్‌లో ఒక గ్రూపుంది. లైప్‌జిగ్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసే తెలుగు నర్సులది. ఏజెన్సీ వాళ్లు చేర్పించిన రోజే రజిత దాన్ని మ్యూట్‌లో పెట్టింది, ఇంతవరకు ఒక్క మెసేజీ పెట్టలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఏం మాట్లాడతాం అని. ఇప్పుడు తెరిచి టైపు చేసింది: "నమస్తే. నేను రజిత, జగిత్యాల. రేపు రాత్రి ఫ్లైటు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి రైలెక్కుత. ఎల్లుండి సాయంత్రం ఎవరికన్నా డ్యూటీ లేదా?"

అక్కడ రాత్రి ఏడున్నర అయ్యుంటుంది. రెండు నిమిషాల్లో ఐదు మెసేజీలు వచ్చాయి. ఒకామె స్టేషనుకు వస్తానంది. ఒకామె తనది కోరుట్ల అంటూ ఇంటిపేరు అడిగింది. మూడో ఆమె పలకరింపు లేదు, ఏం లేదు: "చెల్లీ, చింతపండు తెస్తున్నావా? ఇక్కడ దొరికేది దండగ. ఒక కిలో పట్రా, నీకు పుణ్యం."

కీర్తన తూకం మిషన్ కింద పడేసింది. "కిలోనా? ఇప్పుడే కదే తీసెయ్యమన్నాను!"

"ఆ పుస్తకాలిటివ్వు," అంది రజిత. "రెండోది ఫోన్‌ల పీడీఎఫ్ ఉంది. స్రవంతీ, కింద కిరాణా షాపు మూసేసిండా?"