స్టాండు పాలవెల్లి

ఆ ఇంట్లో ఆరుగురికీ కలిపి ఉన్న ఆస్తి, బట్టలారేసుకునే స్టాండు ఒక్కటే. డబ్లిన్‌లో ఆగస్టు నెలలో కూడా పెరట్లో ఆరేసిన బట్ట ఆరుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు. డ్రయర్ ఉంది గానీ, దాని మీద ఓనరు అంటించిన కాగితంలో కరెంటు యూనిట్ ధర ఎంత పెద్దక్షరాలతో రాసి ఉందంటే, దాన్ని చదివాక తడిబట్టే కట్టుకుని తిరుగుదాం అనిపిస్తుంది. అందుకని రెండు రెక్కలు విప్పుకునే ఆ తెల్ల స్టాండు ఒక గదిలోంచి ఇంకో గదికి, వంతు ప్రకారం తిరుగుతూ ఉంటుంది.

శ్రావణి గదికి అది సోమవారం వచ్చింది. గది అంటే మేడమెట్ల పైన మిగిలిపోయిన జాగా. రెండంతస్తుల బంకు మంచం, ఒక కిటికీ, మంచానికీ గోడకీ మధ్య సూట్‌కేస్ అడ్డంగా పట్టేంత నేల. పై మంచం మమతది, కరీంనగర్. కింది మంచం శ్రావణిది, ముమ్మిడివరం పక్క పల్లెటూరు. ఇద్దరూ ఎయిర్‌పోర్టులో బస్సు కోసం నిలబడ్డప్పుడు పరిచయమై, అద్దె సగం చేసుకోవచ్చని ఒకే గదిలో చేరినవాళ్లు.

కింది మంచం మీద పడుకుని శ్రావణి ఖాళీ స్టాండు వంక చాలాసేపు చూసింది. అడ్డ కడ్డీలు, నిలువు కడ్డీలు, మధ్యలో గళ్లు.

"మమతా, దీనికి పసుపు రాస్తే ఏమవుతుంది?"

"ఓనరు మన డిపాజిట్ పట్టుకుంటడు" అంది మమత ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "పసుపు దేనికే?"

"బుధవారం చవితి. ఇది అచ్చం పాలవెల్లి లాగే ఉంది."

మమతకు పాలవెల్లి అంతగా తెలీదు. వాళ్ల గల్లీలో వినాయకుడంటే టెంటు, డప్పులు, రాత్రి భజన, తొమ్మిదో రోజు ట్రాక్టరు. ఇంట్లో చిన్న మట్టి విగ్రహం పెట్టి, గొడుగు పెట్టి, అమ్మ కథ చదివి అక్షింతలు వేస్తే అయిపోయేది. శ్రావణి వాళ్లింట్లో మాత్రం చవితికి ముందురోజే పెద్ద పని. అటక మీంచి చెక్క పాలవెల్లి దింపడం, దుమ్ము దులిపి పసుపు రాసి బొట్లు పెట్టడం, ఒకప్పుడు ఉయ్యాల వేలాడిన కొక్కేలకే దాన్ని కట్టడం అంతా తాతయ్య పని. మొక్కజొన్న పొత్తులు, వెలక్కాయలు, జామకాయలు, దానిమ్మలు, సీతాఫలాలు, కలువ మొగ్గలు, మామిడాకుల గుత్తులు ఒక్కొక్కటీ ఆయన చేతికి అందించడం, దారం పంటితో కొరికి ఇవ్వడం శ్రావణి పని. ఏటా అంతే. ముడి వెయ్యడం ఎప్పుడూ ఆయనే.

రాత్రి ఫోన్‌లో స్టాండు చూపిస్తే తాతయ్య కళ్లజోడు పైకి తోసుకుని, కిందికి దించుకుని, అటూ ఇటూ చూశాడు.

"ఇనుపదా?"

"ఇనుపదే, పైన తెల్ల రంగు వేశారు."

"పైనుంచి కట్టరా, కింద నిలబెడతారా?"

"ఇక్కడ మేకు కొట్టకూడదు తాతయ్యా. కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు."

"సరే, నిలబెట్టిందైనా పాలవెల్లే. బరువు మాత్రం అన్ని వైపులా సమానంగా ఉండేటట్టు చూసుకో. మొక్కజొన్న పొత్తులు నడిమికి, చిన్నవి అంచులకి. ఒక పక్కకి ఒరిగిందంటే మొత్తం వచ్చి స్వామి నెత్తిన పడుద్ది. జారుముడి వెయ్యి, ఉద్వాసనప్పుడు లాగితే వచ్చేసేలా."

"జారుముడి నాకు రాదు కదా."

అటునుంచి ఆయన పై కండువా తీసి కుర్చీ చేతికి ముడి వేసి చూపించాడు. సిగ్నల్ ఆగిపోయి కండువా సగం ముడిలో బిగుసుకుపోయింది. మళ్లీ వచ్చేసరికి ఆయన, "అర్థమైందిగా?" అన్నాడు. శ్రావణి అయిందనేసింది.

మంగళవారం సాయంత్రం ఇద్దరూ పత్రి కోసం రాయల్ కెనాల్ ఒడ్డుకి వెళ్లారు. ఇండియన్ షాపులో మామిడాకులు పొద్దున్నే అయిపోయాయట. ఇరవై ఒక్క పత్రిలో ఇక్కడ దొరికేవెన్నో శ్రావణి దారంతా లెక్కేస్తూనే ఉంది. మరువం సూపర్ మార్కెట్‌లో ఎండుది సీసాలో ఉంది. దానిమ్మ పండు దొరుకుతుంది, ఆకు దొరకదు. గరికకి బదులు ఊరంతా గడ్డే. మారేడు, జమ్మి, ఉత్తరేణి ఊసే వద్దు.

"దేవుడు లిస్టు చూసి టిక్కులు పెడతడా ఏంది? పచ్చగ ఉన్నది తెంపు" అంది మమత.

కాలవ గట్టున ముళ్లపొదల నిండా బ్లాక్‌బెర్రీలు నల్లగా మాగి ఉన్నాయి. నేరేడుపళ్ల వరసలో వెయ్యొచ్చని శ్రావణి గుత్తులతో సహా కోసింది. మమత పక్కనే పచ్చగా బలిసిన మొక్కను పట్టుకుని ఒక్క కేక పెట్టింది. చెయ్యంతా దద్దుర్లు. కుక్కతో నడుస్తున్న ఒక ముసలాయన ఆగి, ఏమీ అడక్కుండానే వంగి, వెడల్పాటి ఆకు ఒకటి తెంచి ఇచ్చి రుద్దుకోమని సైగ చేశాడు. "నెటిల్ ఉన్నచోటే డాక్ కూడా ఉంటుంది" అన్నాడు. మంట తగ్గిందో, ముసలాయన చెప్పాడు కాబట్టి తగ్గిందనిపించిందో గానీ, మమత ఆ ఆకులు గుప్పెడు కోసి సంచీలో వేసింది.

"ఇది కూడ పత్రే. నా చెయ్యి నయం చేసింది."

మామిడాకుల సంగతి ఇంటి వీధిలోనే తేలిపోయింది. మూలింటివాళ్ల కంచెంతా లారెల్ మొక్కలే. ఆకు పొడుగు, నిగనిగ, దూరం నుంచి చూస్తే మామిడాకు కాదని ప్రమాణం చెయ్యలేం. అయితే అది విషపు ఆకు, నోట్లో పెట్టుకోకూడదని మమత ఫోన్‌లో చదివింది. తోరణానికే కదా అనుకుని, ఆ ఇంటావిడని అడిగి మరీ కోసుకున్నారు.

కట్టడానికి కూర్చుంటే దారం లేదు. ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. చివరికి మమత పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ డబ్బా తీసింది. గట్టిదే, తెల్లగా ఉంది, కాకపోతే పుదీనా వాసన. అర్ధరాత్రి దాటేదాకా ఇద్దరూ మంచం అంచున కూర్చుని కట్టారు. జారుముడి పడలేదు, పీటముళ్లే పడ్డాయి. పొత్తులు నడిమికి, ఆపిల్స్, దానిమ్మలు అటూ ఇటూ, బ్లాక్‌బెర్రీలు అంచులకి. వెలక్కాయ స్థానంలో కివి పెట్టింది మమత, గరుగ్గా ఉందిగా అంటూ. పసుపు కడ్డీలకి కాకుండా ప్రతి పండుకీ బొట్టులా పెట్టారు. కింద శ్రావణి సూట్‌కేస్ పడుకోబెట్టి, దాని మీద అమ్మ పట్టుచీర అంచుతో కుట్టిన చున్నీ పరిచి, తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్న ఇత్తడి వినాయకుణ్ణి కూర్చోబెట్టారు. గదుల్లో నిప్పు వెలిగించకూడదు, వెలిగిస్తే అలారం ఇల్లంతా లేపుతుంది. బ్యాటరీ దీపాలు రెండు పెట్టి, అసలు దీపం పొద్దున వంటింట్లో స్టవ్ పక్కన వెలిగించి దండం పెట్టుకుందామనుకున్నారు.

ఆ గదిలో ఇక కాలు పెట్టడానికి చోటు లేదు. మమత నిచ్చెన ఎక్కేటప్పుడు మొక్కజొన్న పొత్తు ఆమె మోకాలికి తగిలి ఊగింది.

పొద్దున ఆరున్నరకి తలుపు తట్టారు. కింది గది బియా. బ్రెజిల్ అమ్మాయి, చదువుకుంటూ కాఫీ షాపులో పని చేస్తుంది. చేతిలో తడి ప్యాంటు, తడి టీషర్టు, బరువైన నల్ల ఏప్రాన్.

"స్టాండు ఈ రోజు నా వంతు" అంది. తర్వాత లోపలికి చూసి, "ఓ" అంది.

శ్రావణి నోట మాట రాలేదు. వంతు సంగతి పండగ గొడవలో పూర్తిగా మరుగున పడింది. మమత నిచ్చెన మీంచే ఇంగ్లిష్‌లో వివరించింది: దేవుడు, ఏనుగు తల, ఈ ఒక్క రోజు, రేపు పొద్దున తీసేస్తాం.

"రేపు ఎలా? ఒంటిగంటకి నా షిఫ్ట్. ఇంకో యూనిఫామ్ లేదు." బియా కోపంగా అనలేదు. నిజంగానే లేదన్నట్టు అంది. కాసేపు పళ్ల వంక చూసి, "సగం నాకిస్తే చాలు" అంది.

పీటముళ్లు ఊడదీయడానికి పది గోళ్లూ సరిపోలేదు. బియా కిందికెళ్లి కత్తెర తెచ్చింది. ముగ్గురూ కలిసి తలుపు వైపు రెక్క మీది పళ్లన్నీ కోసి, కిటికీ వైపు రెక్కకి మార్చి కట్టారు. బియా కట్టిన ముడి చూసి శ్రావణి ఆగిపోయింది. చివర లాగితే సర్రున వచ్చేసింది. ఎక్కడ నేర్చుకున్నావంటే, వాళ్ల నాన్న పడవ మీద పని చేసేవాడంది. మిగతా పళ్లన్నీ ఆ అమ్మాయి చేతే కట్టించింది శ్రావణి. సూట్‌కేస్‌నీ స్వామినీ కిటికీ వైపుకి జరిపారు. తలుపు వైపు రెక్క మీద ప్యాంటు, టీషర్టు, ఏప్రాన్ ఆరేశారు.

ఇడ్లీరవ్వతో ఉండ్రాళ్లు చేసేసరికి ఏడున్నర. వంటింట్లో దీపానికి దండం పెట్టుకుని, పళ్లెం పట్టుకుని పైకొచ్చి వీడియో కలిపితే అక్కడ మధ్యాహ్నం పన్నెండు. పూజ ఎప్పుడో అయిపోయింది.

"తాతయ్య ఇంకా ఏం తినలేదు, నీది అయ్యాకే తింటారట. తొందరగా కానివ్వు" అంది అమ్మ. వెంటనే, "ఆ దీపాలేంటే, బ్యాటరీవా?" అంది.

తాతయ్య ఫోన్ అందుకున్నాడు. పాలవెల్లిని ఈ చివర నుంచి ఆ చివరకి చూపించమన్నాడు. పొత్తులు చూశాడు, కివిలు చూసి ఏమిటని అడిగాడు, లారెల్ ఆకుల్ని మామిడాకులే అనుకున్నాడు. శ్రావణి దిద్దలేదు.

"ఆ పక్కన నల్లగా వేలాడేదేంటమ్మా?"

శ్రావణి మమత వైపు చూసింది. మమత మొహం గోడకి తిప్పుకుంది.

"ప్యాంటు తాతయ్యా. కింద గది అమ్మాయిది. ఇంకెక్కడా ఆరేసే చోటు లేదు."

అమ్మ పక్కనుంచి "రామ రామ" అనడం వినపడింది. తాతయ్య కాసేపు ఏమీ అనలేదు.

"ఉతికిందేనా?"

"ఇప్పుడే ఉతికింది. ఇంకా నీళ్లు కారుతున్నాయి."

"ఉతికి ఆరేశాక ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు."

"అయితే మడిబట్టే. కథ చదువు."

మమత ఫోన్‌లో శమంతకమణి కథ తెరిచింది. ప్రసేనుడు, సింహం, జాంబవంతుడి గుహ దాటి, పాపాయి ఊయల దాకా వచ్చింది. బియా గుమ్మంలో నిలబడి ఉండ్రాయి ఒకటి చేతిలో పట్టుకుని, తినొచ్చో లేదో తెలీక అలాగే ఉంది. కథ అయింది. అక్షింతలు మూడు తలల మీదా పడ్డాయి. తాతయ్య కూడా అక్కడ తన నెత్తిన వేసుకున్నాడు. రాత్రి చంద్రుడు కనపడినా ఇక భయం లేదని శ్రావణి చెబితే, ఇక్కడ మబ్బుల్లో ఎలాగూ కనపడడంది బియా.

ఉండ్రాయి నోట్లో వేసుకుని ఏప్రాన్ తడిమి చూసుకుంది. ఆరలేదు. కింద హీటర్ మీద వేసుకుంటానని మూడు బట్టలూ ఒక్కసారిగా లాగి భుజాన వేసుకుంది.

స్టాండు కిర్రుమంది. తలుపు వైపు కాళ్లు నేల మీంచి లేచాయి. పొత్తులూ దానిమ్మలూ కిటికీ వైపుకి, స్వామి తల మీదికి వాలిపోతుంటే శ్రావణి రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. పట్టుకుందే గానీ వదిలే వీలు లేదు. బ్లాక్‌బెర్రీలు రాలి చున్నీ మీద పడ్డాయి.

"బరువు!" అని ఫోన్‌లోంచి తాతయ్య అరిచాడు. "ఇటు పక్క బరువు వెయ్యండి! ఏదో ఒకటి!"

మమత మంచం కిందికి చెయ్యి పెట్టి చేతికందింది లాగింది. నిన్న కాలవ గట్టున తడిసిన జీన్స్, మోకాళ్ల దాకా బురద.

"తాతా, ఇది ఉతికింది కాదు!"

"వెయ్యమ్మా వెయ్యి, ముందు స్వామి నెత్తిన పడకుండా చూడు!"