లాంగ్ నోట్‌బుక్స్ హోల్‌సేల్ ధరలు: షాపులకు, స్కూళ్లకు

విజయవాడ, ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు

200 పేజీలు, 58 జీఎస్ఎం కాగితం, పిన్ బైండింగ్. ఒక్కో పుస్తకం ధర:

50 – 199: రూ. 41
200 – 499: రూ. 39
500 – 1,999: రూ. 37
2,000, ఆపైన: రూ. 35

మీరు ఏ స్లాబులోకి వస్తే ఆ ధర మొత్తం ఆర్డరుకూ వర్తిస్తుంది. 190 పుస్తకాలకు రూ. 7,790 అయితే, 200కి రూ. 7,800. పది రూపాయలకు పది పుస్తకాలు ఎక్కువ వస్తాయి కాబట్టి, ఆర్డరు అంచుల్లో ఉంటే మేమే ఫోన్ చేసి చెబుతాం. రూళ్లవి, తెల్లవి, నాలుగు గీతలవి కలిపి లెక్కేసుకోవచ్చు. నోట్‌బుక్స్‌పై జీఎస్టీ లేదు.

స్కూలు పేరుతో అట్ట కావాలంటే కనీసం 1,000 పుస్తకాలు. డిజైనుకు ఒక్కసారి రూ. 1,500. ప్రూఫ్ మీద హెడ్‌మాస్టరు గారి సంతకం అయ్యాకే ప్రింటింగ్. పేరులో ఒక్క అక్షరం తప్పినా పిల్లలు ఏడాదంతా అదే చూస్తారు. బడులు తెరిచేలోపు చేరాలంటే మే 10లోగా ఆర్డరివ్వండి.

500 దాటితే నగరంలో డెలివరీ ఉచితం. బయటి ఊళ్లకు లారీ కిరాయి మీది. తడిసినవి, పేజీలు తగ్గినవి 15 రోజుల్లో తెస్తే మార్చి ఇస్తాం.